లెక్క కుదిరింది, డబ్బు రాలేదు

“ఫోన్‌పే చేశాను అక్కా, స్క్రీన్‌షాట్ పెట్టాను చూడండి.” ఇంట్లోంచి పచ్చళ్లో, పొడులో, చీరలో అమ్మే ఆడవాళ్ల వాట్సాప్‌లోకి ఈ మాట రోజూ వస్తూనే ఉంటుంది. ఆ వేళకు అక్క చేతులు ఆవపిండిలో ఉంటాయి. బొమ్మలో ఆకుపచ్చ టిక్కు కనిపిస్తుంది, మొత్తం సరిగ్గానే ఉంటుంది. “సరేనమ్మా” అని పార్సిల్ కొరియర్ అబ్బాయి చేతికి ఇచ్చేస్తుంది. రాత్రి బ్యాంకు ఖాతా చూసుకుంటే డబ్బు ఇంచుమించు రావలసినంతే ఉంటుంది.

అమ్మకాలు రోజుకు రెండు మూడు ఉన్నన్నాళ్లూ ఇలా నడిచిపోతుంది. ఎవరు ఇచ్చారో, ఎవరు ఇవ్వలేదో మనసులోనే ఉంటుంది. ఆర్డర్లు ఎనిమిది, పది దాటేసరికి జ్ఞాపకం మీద ఆధారపడటం కుదరదు. అక్కడి నుంచి “ఇంచుమించు” అన్న మాటే నష్టం తెస్తుంది. ఆ నష్టం ఎలా జరుగుతుందో తెలియాలంటే, ముందు డబ్బు ఏ దారిలో వస్తుందో, ఒక్కో దారి ఏ గుర్తు వదిలి వెళ్తుందో చూడాలి.

మొదటి దారి క్యూఆర్. కొన్నవాళ్ల బ్యాంకు నుంచి డబ్బు నేరుగా మన ఖాతాలో పడుతుంది, సాధారణంగా క్షణాల్లోనే. 2020 జనవరి నుంచి యూపీఐ చెల్లింపులకు దుకాణదారుల దగ్గర మామూలు కమీషన్ తీసుకోవడం లేదు కాబట్టి పంపినంతా చేరుతుంది. ప్రతి చెల్లింపుకూ 12 అంకెల సంఖ్య ఒకటి పుడుతుంది. ఒక యాప్ దాన్ని యూటీఆర్ అంటుంది, ఇంకొకటి యూపీఐ రిఫరెన్స్ నంబర్ అంటుంది, బ్యాంకులో ఆర్‌ఆర్‌ఎన్ అని కూడా అంటారు. పేరు ఏదైనా సంఖ్య ఒక్కటే. పంపినవాళ్ల ఫోన్‌లో కనిపించే ఆ సంఖ్యే మన బ్యాంకు స్టేట్‌మెంట్‌లోనూ కనిపిస్తుంది. రెండు చివరలనూ కలిపేది అదే. స్క్రీన్‌షాట్‌లో దాని పక్కనే అక్షరాలూ అంకెలూ కలిసిన ఇంకో పొడవాటి ఐడీ ఉంటుంది. అది యాప్ తన కోసం ఇచ్చుకున్నది. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో వెతికితే అది దొరకదు. చాలామంది ఆ ఐడీనే రాసుకుని, తర్వాత దొరకలేదని కంగారు పడతారు.

దుకాణం గోడకు అంటించే క్యూఆర్‌ను ఇంటి వ్యాపారంలో వాడేటప్పుడు రెండు చిక్కులు వస్తాయి. మొదటిది, అందులో మొత్తం ఉండదు. కొన్నవాళ్లు చేత్తో కొట్టాలి. 760 బదులు 670 కొట్టడం, కొరియర్ ఖర్చు కలపడం మరిచిపోవడం అక్కడే జరుగుతాయి. రెండోది, వాట్సాప్‌లో పంపిన క్యూఆర్ వాళ్ల ఫోన్‌లోనే ఉంటుంది, దాన్ని అదే ఫోన్‌తో స్కాన్ చేయలేరు. గ్యాలరీలో దాచుకుని యాప్‌లోకి ఎక్కించాలి. అలా ఎక్కించిన క్యూఆర్‌తో 2,000 రూపాయలు దాటి పంపబోతే చాలాసార్లు యాప్ ఒప్పుకోదు. “మీ క్యూఆర్ పనిచేయడం లేదండీ” అనే ఫిర్యాదుల్లో కొన్నింటికి కారణం ఇదే. క్యూఆర్‌లో లోపం ఏమీ ఉండదు, దాటింది ఆ పరిమితి మాత్రమే.

మొదటి చిక్కుకు మందు ఉంది. చాలా యాప్‌లలో మన క్యూఆర్ తెరిచి, మొత్తం ముందే నింపి పంపే వీలుంటుంది. క్యూఆర్ బొమ్మలో నిజానికి దాగి ఉండేది ఇలాంటి ఒక వరుస:

```
upi://pay?pa=peru@bank&pn=Peru&am=680.00&cu=INR&tn=ORD234
```

ఇందులో `pa` డబ్బు చేరవలసిన యూపీఐ చిరునామా, `am` మొత్తం, `tn` చిన్న నోట్. ఆ నోట్‌లో ఆర్డర్ నంబర్ పెడితే మేలే గానీ దాని మీదే ఆధారపడకూడదు. కొన్ని బ్యాంకులు స్టేట్‌మెంట్‌లో నోట్‌ను సగానికి కత్తిరిస్తాయి, కొన్ని అసలు చూపించవు. లెక్కకు ఆధారం ఆ 12 అంకెలే.

ఇంకో సంగతి కూడా కొన్నవాళ్లకు ముందే చెప్పి ఉంచాలి. 2025 మధ్య నుంచి చెల్లించే ముందు యాప్‌లో కనిపించవలసింది బ్యాంకులో నమోదైన పేరే. మనం వాట్సాప్‌లో పెట్టుకున్న వ్యాపారం పేరు అక్కడ రాదు. ఖాతా అత్తగారి పేరు మీద ఉంటే అత్తగారి పేరే వస్తుంది, కొత్తవాళ్లు అనుమానపడి ఆగిపోతారు. “పేరు ఫలానాది కనిపిస్తుంది, అది మాదేనండి” అని క్యూఆర్ కిందే ఒక ముక్క రాస్తే సరిపోతుంది. మనమే డబ్బు అడుగుతూ యూపీఐలో రిక్వెస్ట్ పంపే పద్ధతి మాత్రం, వ్యక్తుల మధ్య, 2025 అక్టోబర్ 1 నుంచి ఆగిపోయింది.

రెండో దారి పేమెంట్ లింక్. రేజర్‌పే, క్యాష్‌ఫ్రీ, ఇన్‌స్టామోజో లాంటి పేమెంట్ కంపెనీల దగ్గర పాన్ కార్డు, బ్యాంకు ఖాతా వివరాలు ఇచ్చి నమోదు చేసుకుంటే ఈ లింకులు తయారు చేసుకోవచ్చు. ఒక్కో ఆర్డర్‌కు ఒక్కో లింక్. అందులో మొత్తం మనమే నింపుతాం. రిఫరెన్స్ అనే గడిలో ఆర్డర్ నంబర్ వేస్తాం, ఎప్పటిదాకా పనిచేయాలో గడువు పెడతాం. కొంత ఇప్పుడు, కొంత తర్వాత చెల్లించే సౌకర్యం ఉంటే దాన్ని ఆపేసి ఉంచడం మంచిది. కొన్నవాళ్లు లింక్ నొక్కి యూపీఐతోనో కార్డుతోనో ఇస్తారు. మొత్తం తప్పు కొట్టే వీలు లేదు. ఎవరు ఇచ్చారో ఆ కంపెనీ పేజీలోనే తెలుస్తుంది, కాబట్టి స్క్రీన్‌షాట్ అడగాల్సిన పనీ లేదు.

బదులుగా రెండు మార్పులు వస్తాయి. డబ్బు ముందు ఆ కంపెనీ దగ్గర ఆగి, సాధారణంగా ఒకటి రెండు పనిదినాల తర్వాత మన ఖాతాకు చేరుతుంది. దారిలో ఫీజు, ఆ ఫీజు మీద 18 శాతం జీఎస్‌టీ తగ్గుతాయి. పైగా రోజులో వచ్చిన చెల్లింపులన్నీ కలిపి ఒకే ముద్దగా జమ అవుతాయి. ఆర్డర్ల పుస్తకంలో ఉన్న ఏ అంకే బ్యాంకులో కనిపించదు.

నా మాట అడిగితే, తెలిసినవాళ్ల చిన్న ఆర్డర్లకు క్యూఆర్ చాలు. 2,000 దాటినవి, కొత్తవాళ్లవి, కార్డుతో ఇస్తామనేవాళ్లవి లింక్ మీద తీసుకోవాలి. రెండూ వాడితే లెక్క రెండు రకాలుగా చేయాలి. ఆ మాత్రం శ్రమకు తగిన ఫలితం ఉంది.

ఇప్పుడు ఒక రోజు లెక్క వేసి చూద్దాం. అంకెలు ఊహించినవే, చిక్కులు మాత్రం ప్రతి ఇంట్లో జరిగేవే. పచ్చళ్లు అమ్మే ఒక ఇల్లు, మంగళవారం. ఎనిమిది ఆర్డర్లు. క్యూఆర్ మీద ఐదు: 231వ ఆర్డర్ 680, 232వది 450, 234వది 680, 237వది 900, 238వది 680. మొత్తం 3,390 రూపాయలు. లింక్ మీద మూడు: 233వది 1,250, 235వది 2,400, 239వది 1,150. మొత్తం 4,800.

రాత్రి తొమ్మిదికి బ్యాంకు యాప్ తెరిచారు. ఆ రోజు యూపీఐలో వచ్చిన జమలు ఐదు, కలిపితే సరిగ్గా 3,390. క్యూఆర్ ఆర్డర్లు ఐదు, జమలు ఐదు, మొత్తం కూడా అదే. ఎవరైనా ఇక్కడితో పుస్తకం మూసేస్తారు. ఇంత కచ్చితంగా కుదరడం అరుదే గానీ, పది ఇరవై తేడాతో కుదిరినా చాలామంది ఆపేది అక్కడే.

జమలను విడివిడిగా చూస్తే కథ వేరు. వచ్చినవి 680, 450, 680, 820, 760. 680 రూపాయల ఆర్డర్లు మూడుంటే 680 జమలు రెండే. 900 జమ ఎక్కడా లేదు. 760 ఆర్డర్ ఆ రోజు చిట్టాలో లేదు.

ఒక్కొక్కటీ విప్పుదాం. 820 వచ్చింది 237వ ఆర్డర్‌కే. యూటీఆర్ కలిసింది. కొన్నామె కిలో ధర పంపి, 80 రూపాయల కొరియర్ ఖర్చు మరిచింది. 760 పంపినవాళ్ల పేరు కస్టమర్ల జాబితాలో లేదు. ముందు రోజు చిట్టా తిరగేస్తే సోమవారం నాటి 229వ ఆర్డర్ 760 రూపాయలు బాకీ ఉంది. కొన్నామె తరఫున ఆమె భర్త ఫోన్ నుంచి వచ్చింది. ఫోన్ చేసి, ఆయన యాప్‌లోని యూటీఆర్ చదివించుకుంటే తేలిపోయింది. మిగిలినవి 680 రూపాయల మూడు ఆర్డర్లు, రెండు జమలు. పేర్లు చూసి ఊహించకుండా మూడు స్క్రీన్‌షాట్‌లలోని యూటీఆర్‌లు పక్కన పెట్టి చూస్తే 231, 234 కలిశాయి. 238వ ఆర్డర్ సంఖ్య స్టేట్‌మెంట్‌లో లేదు. ఆ స్క్రీన్‌షాట్‌ను మళ్లీ తెరిచి చూస్తే టిక్కు కాదు, నారింజ రంగు గుర్తు, దాని కింద “ప్రాసెసింగ్” అని ఉంది. కంగారులో అది కంటపడలేదు.

ఇందులో 80 తగ్గింది, 680 రాలేదు, పాత 760 వచ్చింది. ఈ మూడూ ఒకదాన్నొకటి చెరిపేసుకుని మొత్తాన్ని కుదిర్చేశాయి. మొత్తాలను మొత్తాలతో పోల్చినంత కాలం ఇది బయటపడదు. 238వ పార్సిల్ వెళ్లిపోయేది, 229వ ఆర్డర్ ఆమెను ఇచ్చిన డబ్బు మళ్లీ అడిగేవాళ్లం. రెండోది మొదటిదానికంటే పెద్ద నష్టమని నా నమ్మకం. 680 పోతే ఒకసారి పోతుంది, నొచ్చుకున్న కస్టమర్ మళ్లీ రాదు. అందుకే రోజువారీ లెక్క అంటే వరుసకు వరుస కలపడమే. ప్రతి ఆర్డర్‌కు ఎదురుగా ఒక జమ ఉండాలి, ప్రతి జమకు ఎదురుగా ఒక ఆర్డర్ ఉండాలి. రెండో వైపు నుంచి చూడటం చాలామంది మానేస్తారు. 760 లాంటివి దొరికేది అలా చూసినప్పుడే.

238వ ఆర్డర్‌ను ఏం చేయాలి? పార్సిల్ ఆపాలి. “డబ్బు మీ దగ్గర కట్ అయి ఉండొచ్చు, మా దగ్గర ఇంకా పడలేదమ్మా. వెంటనే మళ్లీ కొట్టకండి” అని మర్యాదగా చెప్పాలి. అలా ఇరుక్కున్న డబ్బు మన ఖాతాలో పడుతుంది, లేదా వాళ్లకు తిరిగి వెళ్తుంది. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబర్‌లో దీనికి గడువులు పెట్టింది. వ్యక్తి నుంచి వ్యక్తికి వెళ్లినదైతే మరుసటి రోజు లోపు, వ్యాపారి క్యూఆర్‌కు వెళ్లినదైతే ఐదు రోజుల లోపు తిరిగి జమ కావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం రావాలి. ఫిర్యాదు పెట్టాల్సింది డబ్బు పంపినవాళ్లే, వాళ్ల యాప్‌లోనే. అవతలివాళ్లు కంగారుపడి రెండోసారి కొడితే, మొదటిది కూడా వచ్చి పడితే, వాపసు పని మనకు చుట్టుకుంటుంది.

లింకుల సంగతి చూద్దాం. కంపెనీ పేజీలో 233, 235 చెల్లించినట్టు ఉన్నాయి. 239 ఇంకా చెల్లించలేదు. ఆమె వాట్సాప్‌లో “ఇచ్చేశా” అని ఉన్నా సరే, ఆ పేజీ చెప్పిందే లెక్క. కాబట్టి ఆ రోజు లింకుల మీద వచ్చింది 4,800 కాదు, 3,650. ఫీజు కంపెనీని బట్టి, చెల్లించిన పద్ధతిని బట్టి మారుతుంది, ఇక్కడ 2 శాతం అనుకుందాం. ఫీజు 73 రూపాయలు, దాని మీద జీఎస్‌టీ 13.14. ఖాతాకు రావలసింది 3,563.86. అదీ మంగళవారం రాదు. మంగళవారం ఖాతాలో కనిపించిన 2,929.20 సోమవారం వసూలైన 3,000 రూపాయలది.

దీన్ని ఆర్డర్లతో నేరుగా కలపబోతే తల తిరుగుతుంది. రెండు మెట్లుగా చేస్తే తేలిక. మొదటి మెట్టులో ఆర్డర్‌ను కంపెనీ పేజీతో కలపాలి: చెల్లించారా, లేదా. పార్సిల్ పంపడానికి ఇది చాలు. రెండో మెట్టులో కంపెనీ ఇచ్చే సెటిల్‌మెంట్ రిపోర్టును బ్యాంకులో పడిన ముద్దతో కలపాలి. ప్రతి ముద్దకూ సొంత యూటీఆర్ ఉంటుంది, ఆ ముద్దలో ఏ ఏ ఆర్డర్లు ఉన్నాయో, ఎంత ఫీజు తగ్గిందో రిపోర్టులో వరుసగా ఉంటుంది. మొదటి మెట్టు రోజూ చేయాలి. రెండోది వారానికోసారి చేసినా కొంప మునగదు. అమ్మకం కింద 3,650 అనే రాసుకోవాలి, 86.14ను ఖర్చు కింద వేరుగా చూపాలి. చేతికొచ్చిన 3,563.86నే అమ్మకంగా రాసేవాళ్లకు పన్ను లెక్కల వేళ పేమెంట్ కంపెనీ చూపే మొత్తం ఒకటి, తమ పుస్తకం ఇంకొకటి అవుతాయి.

చిట్టాకు పెద్ద సాఫ్ట్‌వేర్ ఏమీ అవసరం లేదు. రోజుకు పది ఆర్డర్ల దాకా రూళ్ల పుస్తకమే చాలు. ఆర్డర్ నంబర్, పేరు, మొత్తం, క్యూఆరా లింకా, యూటీఆర్, కలిసిందా, పంపామా. “కలిసిందా” గడిలో టిక్కు పడ్డాకే “పంపామా” గడి జోలికి వెళ్లాలి. ఆర్డర్లు పెరిగితే ఫోన్‌లోనే షీట్ పెట్టుకోవచ్చు. ఆర్డర్లు ఒక షీట్‌లో, బ్యాంకు నుంచి దించుకున్న స్టేట్‌మెంట్ `Bank` అనే షీట్‌లో. బ్యాంకు వివరాల గడిలో యూటీఆర్ మిగతా మాటల మధ్య ఇరుక్కుని ఉంటుంది కాబట్టి ఇలా వెతకాలి:

```
=COUNTIF(Bank!B:B,"*"&F2&"*")
=COUNTIF(F:F,F2)
```

F గడిలో యూటీఆర్, బ్యాంకు షీట్ B వరుసలో వివరాలు ఉన్నాయనుకుంటే, మొదటి సూత్రం 1 అని చూపితే డబ్బు వచ్చింది, 0 అయితే రాలేదు. F గడి ఖాళీగా ఉంటే మాత్రం ఇది బ్యాంకు వరుసలన్నీ లెక్కపెట్టి పెద్ద అంకె చూపుతుంది, దాన్ని చూసి మోసపోకూడదు. రెండోది 2 చూపితే ఒకే స్క్రీన్‌షాట్‌ను రెండు ఆర్డర్లకు పంపారన్నమాట. అది మోసమే కానక్కర్లేదు, పొరపాటున పాత బొమ్మ పంపేవాళ్లూ ఉంటారు. కావాలని చేసేవాళ్లూ ఉన్నారు. అచ్చం అసలు యాప్‌లా టిక్కు చూపే నకిలీ యాప్‌లతో తయారైన స్క్రీన్‌షాట్‌లు కూడా తిరుగుతున్నాయి. వాటిని కంటితో పట్టుకోవడానికి ప్రయత్నించకండి. మన ఖాతాలో ఆ 12 అంకెలు ఉన్నాయా లేవా అన్నదే పరీక్ష.

రోజు ఎక్కడ తెగుతుందో కూడా ముందే అనుకోవాలి. రాత్రి తొమ్మిదికి లెక్క మూస్తే, ఆ తర్వాత వచ్చిన జమలు రేపటివి. అర్ధరాత్రి దాకా చూస్తూ ఉంటే ఏ రోజు లెక్కా తెగదు. ఇంటి ఖర్చుల ఖాతా, వ్యాపారం ఖాతా ఒకటే అయితే తమ్ముడు పంపిన డబ్బు, చిట్టీ డబ్బు, ఆర్డర్ డబ్బు అన్నీ ఒకే వరుసలో పడతాయి. వ్యాపారానికి విడిగా ఒక ఖాతా తెరిస్తే రాత్రి పని సగానికి సగం తగ్గుతుంది.

వాపసు ఇవ్వాల్సి వచ్చినప్పుడు లింక్ మీద వచ్చిన డబ్బును కంపెనీ పేజీలోంచే రిఫండ్ చేయాలి. ఏ దారిలో వచ్చిందో అదే దారిలో వెళ్తుంది, రాబోయే సెటిల్‌మెంట్‌లోంచి ఆ మొత్తం తగ్గుతుంది. అందుకే ఒక్కోసారి ముద్ద చిన్నదిగా కనిపిస్తుంది. క్యూఆర్ మీద వచ్చినదాన్ని మనమే కొత్తగా పంపాలి. ఆ పంపిన యూటీఆర్‌ను కూడా అదే ఆర్డర్ పక్కన రాయాలి. “పొరపాటున మీకు ఎక్కువ పడింది, ఈ వేరే నంబర్‌కు తిప్పి పంపండి” అని తెలియనివాళ్లు ఫోన్ చేస్తే మాత్రం పంపకూడదు. ముందు మన స్టేట్‌మెంట్ చూసుకోవాలి. నిజంగా పడి ఉంటే, వాళ్ల బ్యాంకులో ఫిర్యాదు పెట్టమనాలి. డబ్బు రావడానికి మన పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ అడిగారంటే అది మన ఖాతాలోంచి పోయే డబ్బే. పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

ఇలాంటి తెలియని జమల్ని ఊరికే వదిలేయకూడదనడానికి ఇంకో కారణం ఉంది. ఎక్కడో మోసంలో దోచిన డబ్బుతో ఎవరైనా మన దగ్గర పచ్చడి కొంటే, బాధితులు ఫిర్యాదు చేసినప్పుడు పోలీసులు డబ్బు వెళ్లిన దారి పట్టుకుని మన ఖాతా దాకా వస్తారు. బ్యాంకు ఆ మొత్తాన్ని ఆపుతుంది, ఒక్కోసారి ఖాతానే నిలిపేస్తుంది. అప్పుడు ఇది అమ్మకం డబ్బే అని చూపగలగాలి. ఆ యూటీఆర్‌కు ఎదురుగా ఆర్డర్ నంబర్, వాట్సాప్‌లో అడిగిన సంభాషణ, పార్సిల్ వెళ్లిన చిరునామా, కొరియర్ రసీదు ఉంటే బ్యాంకుకు, పోలీసులకు రాసే జవాబు ఒక పేజీలో అయిపోతుంది. కొరియర్ రసీదులను ఏ రోజువి ఆ రోజు ఫొటో తీసి, ఆర్డర్ నంబర్ పేరుతో దాచుకోవడం అందుకే. చిట్టాలో ఎదురుగా ఏమీ లేని జమ కనిపిస్తే వాడేయకుండా ఎర్ర సిరాతో గుర్తు పెట్టి, వారం లోపు ఎవరిదో తేలకపోతే బ్యాంకుకు రాతపూర్వకంగా తెలియజేయాలి.